లివర్ కిడ్నీ కంటే తెల్లగా ఉందంటే

"స్కాన్‌లో లివర్ కిడ్నీ కంటే తెల్లగా ఉంది, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. వయసు 46. ఏఎస్‌టీ 38, ఏఎల్‌టీ 49, ప్లేట్‌లెట్లు 2,10,000. లివర్ పాడైపోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది."

ఆ తెలుపుకి కారణం చాలావరకు కొవ్వే. మామూలుగా లివర్, కిడ్నీ పైపొర దాదాపు ఒకే ఛాయలో కనిపిస్తాయి. లివర్ కణాల్లో చేరిన కొవ్వు బిందువులు ధ్వని తరంగాలను ఎక్కువగా చెదరగొట్టి వెనక్కి పంపుతాయి, అందుకే తెలుపు.

గ్రేడ్ చెప్పేది కొవ్వు గురించే. లివర్ గట్టిపడిందా, అంటే ఫైబ్రోసిస్ ఉందా అన్నది దాన్నిబట్టి తేలదు. దాన్ని రక్త పరీక్షలోని లివర్ ఎంజైములు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లతో అంచనా వేయొచ్చు. చాలామంది వదిలేసే ఆ లెక్క ఇది:

```
FIB-4 = (వయసు × AST) ÷ (ప్లేట్‌లెట్లు × √ALT)
```

1. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోండి: 210. లక్షల్లో వేస్తే లెక్క తప్పుతుంది.
2. పైన: 46 × 38 = 1748.
3. కింద: √49 = 7, కాబట్టి 210 × 7 = 1470.
4. ఫలితం 1.19.

1.3 కంటే తక్కువ కాబట్టి ముదిరిన ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. దాటితే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ అడగాలి. 35 ఏళ్లలోపు వాళ్లకు ఈ లెక్క నమ్మదగ్గది కాదు, 65 దాటితే హద్దు 2.0.

షుగర్ ఉంటే ఏడాది, రెండేళ్లకోసారి, లేకపోతే రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయండి. ఈ అంకె రాసుకుని మీ డాక్టర్‌కు చూపించండి.