ఫ్రీజర్‌లో ఓ మూలనే మంచు పడుతుంటే గ్యాస్ ఎక్కించొద్దు

"మాది ఆరేళ్ల నాటి సింగిల్ డోర్ ఫ్రిజ్. ఫ్రీజర్‌లో సన్నపైపు వచ్చి కలిసే మూలన అరచేయంత మేర మాత్రమే మంచు పడుతోంది. మిగతా ప్లేటంతా పొడిగా ఉంటోంది. రెండుసార్లు గ్యాస్ ఎక్కించాం, రెండో రోజుకే మళ్లీ అంతే. రాత్రంతా ఆపి ఉంచితే ఒక పూట బాగా పనిచేస్తోంది. మూడోసారి ఎక్కించాలా?"
— ఖమ్మం నుంచి ఓ పాఠకురాలు

వద్దమ్మా. మీ ఉత్తరంలోని చివరి వాక్యానికి ముందు మాటే అసలు ఆధారం. రాత్రి ఆపితే పొద్దున బాగవుతోందంటే లోపల గ్యాస్ ఉంది, దాని దారే మూసుకుపోతోంది. మెకానిక్‌లు దీన్నే చోక్ అంటారు.

వెనక కంప్రెసర్ దగ్గర వేలంత రాగి గొట్టం ఉంటుంది. అది ఫిల్టర్. తేమనూ చెత్తనూ పట్టుకోవడం దాని పని. అక్కడి నుంచి ఫ్రీజర్‌కు వెళ్లే సన్నపైపే కేపిలరీ. దాని రంధ్రం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఈ దారి సగం మూసుకుపోతే కొద్దిపాటి గ్యాసే లోపలికి వస్తుంది, వచ్చినదంతా ఫ్రీజర్ పైపు మొదటి చుట్టులోనే ఆవిరైపోతుంది. అందుకే మొదట్లో మంచు, తర్వాత పొడి. గ్యాస్ లీకై తగ్గిపోయినా ఇలాగే కనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్600ఎ గ్యాస్ దగ్గర ఈ పొరపాటు ఇంకా ఎక్కువ. అది మామూలు గాలి పీడనం దగ్గర మైనస్ 11.7 డిగ్రీలకు మరుగుతుంది. ఫ్రీజర్ అంతకంటే చల్లగా ఉండాలి కాబట్టి, ఫ్రిజ్ బాగా నడుస్తున్నప్పుడు కూడా ఒత్తిడి కొలిచే గేజ్ ముల్లు సున్నాకు, అంటే మామూలు గాలి పీడనానికి, కిందే ఉంటుంది. పాత గ్యాస్‌కు అలవాటుపడిన మెకానిక్ ఆ ముల్లు చూసి "గ్యాస్ లేదు" అనేస్తాడు. అదనంగా ఎక్కించగానే ఒత్తిడి పెరిగి మంచు కాస్త ముందుకు పాకుతుంది, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. కంప్రెసర్ మాత్రం వేడెక్కుతూ ఉంటుంది.

మా అక్క వాళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది. మంచు ఆగిపోయిన సమయంలో, ఫ్రిజ్ నడుస్తుండగానే, కేపిలరీ ఫ్రీజర్‌లో కలిసే చోట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పెట్టాను. రెండు నిమిషాలకు లోపల "స్‌స్‌" మంటూ చప్పుడు మొదలై, పక్క చుట్ల మీదికి మంచు పాకింది. అంటే గ్యాస్‌లో కలిసిన తేమ కేపిలరీ చివర గడ్డకట్టి అడ్డుపడుతోందన్నమాట. మీరూ చేసి చూడండి. గుడ్డ పెట్టినా మార్పు లేకపోతే కారణం చెత్తో, లీకో కావచ్చు. అప్పుడు ఫిల్టర్‌ను పట్టుకుని చూడండి. ఒక చివర గోరువెచ్చగా ఉండి, కేపిలరీ వైపు చివర చల్లగా, చెమ్మగా ఉంటే ఫిల్టరే చోకైంది.

తేమ చోకైనా, ఫిల్టర్ చోకైనా పని ఒకటే. ఉన్న గ్యాస్ తీసేసి, ఫిల్టర్ మార్చి, వాక్యూమ్ పంపుతో తేమంతా లాగేసి, ఫ్రిజ్ వెనక స్టిక్కర్ మీద రాసినన్ని గ్రాములు కాటాలో తూచి ఎక్కించాలి. కొత్త ఫిల్టర్‌కున్న మూతలను దాన్ని పైపుకు బిగించబోయే క్షణంలోనే తీయాలి, లేకపోతే అది గదిలోని తేమనే పీల్చుకుంటుంది. వాక్యూమ్ పంపు తేని మనిషితో ఈ పని చేయించొద్దు.

నాకు అన్నిటికంటే భయం వేసేది వేరే. ఆర్600ఎ అంటే ఐసోబ్యూటేన్, మంటకు అంటుకునే గ్యాస్. ఫ్రిజ్‌లో ఉండేది 50 గ్రాములే కావచ్చు, కానీ బయటికొస్తే దాదాపు 20 లీటర్ల ఆవిరి. గాలిలో రెండు శాతం కలిసినా చాలు, అంటుకుంటుంది. గాలికంటే బరువు కాబట్టి నేల మీదే పరుచుకుంటుంది. వంట సిలిండర్ గ్యాస్‌కు వాసన కలుపుతారు, దీనికి కలపరు. లీకైనా మీకు తెలియదు. అలాంటి గ్యాస్ లోపల ఉండగానే వంటింట్లో వెల్డింగ్ టార్చ్ వెలిగించి పైపు ఊడదీసేవాళ్లను నేను చూశాను. పాత ఫిల్టర్‌ను మంటతో కాదు, కోసి తీయాలి. వేడి చేస్తే అది పట్టుకున్న తేమ మళ్లీ పైపుల్లోకే పోతుంది, పైగా ప్రమాదం. కోసే ముందు ఫ్రిజ్‌ను ఆరుబయటికి జరిపి గ్యాస్ వదిలించాలి, నైట్రోజన్‌తో పైపులు ఊదాలి. టార్చ్ ఆ తర్వాతే.

ఇంత ముఖ్యమైన గ్యాస్ పేరును తయారీదారులు ఎక్కువగా ఫ్రిజ్ వెనక, కంప్రెసర్ పక్కన, గోడవైపు తిరిగి ఉండే చిన్న స్టిక్కర్ మీద రాస్తారు. తలుపు లోపలి పక్కన పెద్ద అక్షరాల్లో రాస్తే ఖర్చేమీ పెరగదు. మెకానిక్‌కు ఫోన్ చేసే ముందే ఆ స్టిక్కర్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. గ్యాస్ పేరు, గ్రాములు చెప్పి, పంపూ కాటా తెస్తారా అని అడగండి.