తెనాలి దుకాణదారు శుక్రవారం లెక్క

ప్రశ్న: మా అబ్బాయి బీకామ్ రెండో ఏడు. పొద్దున తొమ్మిదింబావు నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఫోన్‌లో ఐదు నిమిషాల చార్టులే చూస్తుంటాడు. ఆప్షన్లలో 60 వేలు పోయాయి. అయినా కాలేజీ మానేసి ట్రేడింగే చేస్తానంటున్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెప్పమంటారు?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, చార్టులు చూడొద్దని వాడికి చెప్పకండి. వినడు. తెనాలిలో నాకు తెలిసిన ఒక దుకాణదారు సంగతి చెబుతాను, దాన్ని వాడికి వినిపించండి.

ఆయనది పెయింట్లు, పైపులు అమ్మే షాపు. వర్షం పడిన రోజు ఒక్క డబ్బా కూడా కదలదు. అలాగని ఆయన కంపెనీకిచ్చిన ఆర్డర్ రద్దు చేసుకోడు. వారం మొత్తం అమ్మకం చూశాకే సరుకు సంగతి ఆలోచిస్తాడు. నిఫ్టీ సూచీలోని యాభై పెద్ద కంపెనీల షేర్లను ఒకేసారి కొనిపెట్టే ఫండ్, అంటే నిఫ్టీ ఈటీఎఫ్‌లో పెట్టిన డబ్బునూ అలాగే చూస్తాడు. శుక్రవారం రాత్రి షట్టర్ దించాక, ఆ వారం ముగింపు అంకెను నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. గత 40 వారాల ముగింపులను కూడి 40తో భాగిస్తాడు. ముగింపు ఆ సగటుకు పైన ఉంటే ఈటీఎఫ్‌ను ఉంచుకుంటాడు. కిందికి వస్తే సోమవారం ఉదయం అమ్మేస్తాడు. ఆయన పద్ధతి ఇంతే.

2024 జూన్ 4 మీకు గుర్తుండే ఉంటుంది. ఎన్నికల ఫలితాల రోజు, షాపుల్లో టీవీల ముందు జనం. ముందు రోజు మూడు శాతం పెరిగిన నిఫ్టీ ఆ ఒక్క రోజే దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. భయపడి అమ్మినవాళ్లు ఎందరో. ఆయన ఆ రోజు రంగులు కలుపుకుంటూ కూర్చున్నాడు. శుక్రవారం ముగింపు 23,290, అంటే అంతకుముందు శుక్రవారం కంటే ఎక్కువే. చార్టులో ఆ వారం ధరల కదలికను చూపించే బొమ్మను, అంటే క్యాండిల్‌ను చూడండి: కింద పొడుగాటి తోక, పైన సన్నటి గీత లాంటి శరీరం. తోక మంగళవారం భయాన్ని చూపిస్తుంది, శరీరం వారం తేల్చిన ధరను చూపిస్తుంది. ఐదు నిమిషాల చార్టులో ఈ తేడా కనిపించదు.

ఆయన ఎప్పుడూ కదలడని కాదు. 2020 ఫిబ్రవరి 28న నిఫ్టీ 11,202 దగ్గర, సగటుకు బాగా కింద ముగిసింది. సోమవారం అమ్మేశాడు. మార్చి 23న అది 7,610కి పడింది. తిరిగి సగటు దాటి ముగిసింది జులై 17న, 10,902 దగ్గర. అప్పుడే మళ్లీ కొన్నాడు. అంకెలు జాగ్రత్తగా చూస్తే ఆయనకు మిగిలింది మూడు శాతానికి కాస్త అటూఇటూ, అందులోంచి పన్నూ ఖర్చులూ పోవాలి. 7,610 దగ్గర కొనే అదృష్టం ఈ పద్ధతిలో ఉండదు. కానీ ఆ పతనమంతా ఆయన డబ్బు బయటే ఉంది, కాబట్టి లాక్‌డౌన్‌లో షాపు అద్దె కట్టడానికి నష్టానికి అమ్ముకోవాల్సిన పని పడలేదు.

పద్ధతి దెబ్బతినే కాలమూ ఉంది. 2022లో మార్కెట్ ఎటూ తేలకుండా సగటు చుట్టూ తిరిగింది. ఫిబ్రవరి చివర అమ్మాడు, మార్చిలో ఎక్కువ ధరకు కొన్నాడు, ఏప్రిల్ చివర మళ్లీ నష్టానికి అమ్మాడు. నోట్‌బుక్‌లో ఆ పేజీలు నాకు చూపించాడు. అలాంటి ఏడాదిని ఓర్చుకోగలిగాడంటే ఇంటి ఖర్చు షాపు నడుపుతోంది కాబట్టే. మీవాడు ఈ మాట దగ్గర ఆగి ఆలోచించాలి. నెలాఖరుకు ట్రేడింగ్ నుంచే డబ్బు రావాలంటే శుక్రవారం దాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆప్షన్ల సంగతి వేరు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో బయటపెట్టిన లెక్కలో, అంతకు ముందు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్లలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఆప్షన్ అంటే ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు, దానికి గడువు ఉంటుంది. మీ అంచనా నిజమయ్యేలోపే గడువు తీరితే ఆ హక్కు కొనడానికి కట్టిన డబ్బు, అంటే ప్రీమియం మొత్తం పోతుంది. వారాల తరబడి ఓపిక పట్టే మనిషికి అది సరిపడే సాధనం కాదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. డిగ్రీ పూర్తి చేయనివ్వండి. వాడికి నిజంగా చార్టులంటే ఇష్టమైతే, మూడో ఏడాదిలో సెబీ పెట్టిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎమ్ వాళ్ల రీసెర్చ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు. తర్వాత సెబీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలన్నా డిగ్రీ అడుగుతారు. చదువు మానేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఈలోగా ఆప్షన్ల సెగ్మెంట్‌ను తన ఖాతాలో తనే ఆపేయించుకోమనండి. ఒక నోట్‌బుక్ కొనివ్వండి. వచ్చే 26 శుక్రవారాలు నిఫ్టీ ముగింపు, 40 వారాల సగటు రాసి, ఆ వారం తాను ఏం చేసేవాడో ఒక్క వాక్యం రాయాలి. డబ్బు పెట్టకూడదు. ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకం తీసుకుని ఇద్దరూ నా దగ్గరికి రండి. మధ్యలో ఎన్ని శుక్రవారాలు ఖాళీగా వదిలేశాడో చూసి, ఈ రంగం గురించి వాడితోనే మాట్లాడతాను.