తొంభై ఆరు అంకెల టేబుల్ స్లైడ్‌ను ఒక్క విషయం కనిపించే చార్ట్‌గా ఎలా మార్చాలి?

ప్రశ్న: "మీటింగ్‌లో పెద్ద టేబుల్ పెడితే ఎవరూ చదవడం లేదు. చార్ట్ పెడితే ఏది ముఖ్యమో తెలియడం లేదు. ఒక్క విషయం కొట్టొచ్చినట్టు కనపడాలంటే ఏం చేయాలి?"

నేను ధర్మాబాద్ దగ్గర ఒక పాల సంఘంలో లెక్కలు చూస్తాను. కమిటీలో సగం మంది మరాఠీ, సగం మంది తెలుగు మాట్లాడతారు. పోయిన ఎండాకాలం నా స్లైడ్‌లో పన్నెండు కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఎనిమిది నిలువు వరుసలు ఉండేవి: పొద్దున పాలు, సాయంత్రం పాలు, ఫ్యాట్, విరిగినవి, చెల్లింపు, ఇలా. ప్రొజెక్టర్ మీద అవి చీమల బారులాగా కనిపించాయి, అధ్యక్షుడు "తర్వాత చూద్దాం" అని పక్కన పెట్టేశారు. ఆ టేబుల్‌లో దాగిన విషయం మాత్రం ఒక ఊరి రైతులు నష్టపోతున్న సంగతి, అందుకే నాకు చాలా బాధ అనిపించింది.

మళ్లీ చేసేటప్పుడు చార్ట్ ఏ రకం అని ఆలోచించలేదు, కమిటీ ఈ రోజు ఏం నిర్ణయించాలి అని ఆలోచించాను. బండి ఏ ఊరికి ముందు వెళ్లాలి, అంతే. దానికి కావలసింది ఒక్కటే, ఏ కేంద్రం పాలు ఎక్కువ విరుగుతున్నాయి అన్నది. మిగతా వరుసలన్నీ తీసేసి, అడిగితే ఇవ్వడానికి ప్రింట్ తీసి పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక పొరపాటు చేయబోయాను. మొదట విరిగిన లీటర్లతో బార్లు గీశాను, 3వ కేంద్రం పైకి వచ్చింది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ 780 లీటర్లు విరిగాయి, 7వ కేంద్రంలో 540. కానీ 3వ కేంద్రం పంపింది 60,000 లీటర్లు, 7వది 9,000 మాత్రమే. వందకు ఎన్ని అని చూస్తే 3వది 1.3, 7వది 6. అసలు సమస్య 7వ కేంద్రంలో ఉంటే నేను పెద్ద కేంద్రం మీద ఎరుపు రంగు వేయబోయాను! పరిమాణాలు సమానంగా లేని చోట మొత్తాలను పక్కపక్కన పెట్టకండి, శాతం లెక్క కట్టండి. శాతం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. 200 లీటర్లే పంపిన చోట 40 లీటర్ల క్యాన్ ఒక్కటి విరిగినా 20 శాతం అయిపోతుంది. అందుకే రోజువారీ పుస్తకం తీసి, 7వ కేంద్రం పాలు ఒకే రోజు బండి చెడిపోయి విరిగాయా లేక పలు రోజుల్లో విరిగాయా అని చూశాను. మూడు నెలల్లోనూ అక్కడక్కడా విరిగాయి, దాదాపు అన్నీ సాయంత్రం పాలే. అప్పుడే ధైర్యం వచ్చింది.

ఇక ఎక్సెల్‌లో పని. ముందు శాతం ప్రకారం పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేసి, అడ్డ బార్లు గీయండి (కేంద్రాల పేర్లు వాలిపోకుండా నేరుగా చదవొచ్చు). ఎక్సెల్ మొదటి వరుసను కింద పెడుతుంది, కాబట్టి పేర్ల అక్షం మీద `Categories in reverse order` టిక్ చేయాలి. తర్వాత గీతలు, లెజెండ్, అంకెల అక్షం తీసేసి, అంకెను బార్ చివరనే రాయాలి. అక్షాన్ని తీసేసే ముందు అది సున్నా నుంచే మొదలవుతోందో లేదో చూడండి, లేకపోతే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది. `Gap Width` 50 దగ్గర పెడితే బార్లు నిండుగా ఉంటాయి. అన్నీ బూడిద రంగు చేసి, ఒక బార్‌ను రెండుసార్లు విడివిడిగా క్లిక్ చేస్తే అదొక్కటే ఎంపిక అవుతుంది, దానికి ముదురు ఎరుపు. రంగు ఆఖరున వేయండి, ముందే వేసి తర్వాత సార్ట్ చేస్తే ఎరుపు వేరే ఊరి మీద ఉండిపోవచ్చు. మా పాత ప్రొజెక్టర్‌లో లేత బూడిద అసలు కనబడలేదు, కొంచెం ముదురు చేయాల్సి వచ్చింది.

శీర్షికలో "కేంద్రాలవారీగా విరిగిన పాలు" అని రాస్తే జనం మళ్లీ వెతుక్కోవాలి. "7వ కేంద్రంలో వందకు 6 లీటర్లు విరుగుతున్నాయి, మిగతా ఎక్కడా 2 దాటలేదు" అని మరాఠీలోనూ తెలుగులోనూ రాశాను.

మీటింగ్‌కు ముందు మా బండి డ్రైవర్‌కు ఫోన్‌లో ఐదు సెకన్లు చూపించి, ఏం కనిపించిందన్నా అని అడిగాను. "ఏడోది. సాయంత్రం అదే మనం ఆఖరున వెళ్లే ఊరు కదా తమ్ముడూ, అక్కడ క్యాన్లు గంటల తరబడి ఎండలోనే ఉంటాయి" అన్నాడు. మీటింగ్‌లో ఆ స్లైడ్ పెట్టగానే అధ్యక్షుడు పాల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు, సాయంత్రం బండిని ముందు అక్కడికి పంపితే మిగతా ఊళ్లకు ఎంత ఆలస్యమవుతుందని అడిగారు.