ఒకటే కిటికీ ఉన్న గదిలో ఫోన్‌తో మంచి ఫోటో ఎలా?

"బెంగళూరులో పీజీలో ఉంటున్నాను. సంబంధాలకి పంపడానికి ఫోటో కావాలని అమ్మ రోజూ అడుగుతోంది. గదికి ఒకటే కిటికీ. అక్కడ తీస్తే సగం ముఖం నల్లగా వస్తోంది, వెనకంతా సామానే. ఫోన్ తప్ప ఇంకేం లేదు. ఏం చేయమంటారు?"

ఒక్క కిటికీ చాలండి. మా చెల్లెలి ఫోటో బీటీఎంలోని మా ఫ్లాట్‌లో ఇలాగే తీశాను.

ముందు ట్యూబ్‌లైట్ ఆపేయండి. పగటి వెలుగూ ఆ లైటూ కలిస్తే ఒక చెంప ఒక రంగులో, రెండోది ఇంకో రంగులో వస్తుంది. తర్వాత కిటికీకి మూడడుగుల దూరంలో స్టూల్ వేసుకుని, వెలుగు వైపు సగం తిరిగి కూర్చోండి. సగం ముఖం నల్లబడటానికి కారణం కిటికీ సరిగ్గా పక్కన ఉండటమే. చెల్లెల్ని కొద్దికొద్దిగా కిటికీ వైపు తిరగమని, అవతలి కన్ను గమనించాను. అందులో కూడా కిటికీ మెరుపు చిన్న చుక్కలా కనబడగానే ఆగమన్నాను. ఆ చుక్క లేకపోతే ఫోటోలో కన్ను నిర్జీవంగా ఉంటుంది. ఇంకా నీడ ఎక్కువనిపిస్తే ఆ వైపు కుర్చీ మీద తెల్ల దుప్పటి వేయండి. ఫ్రేమ్‌లో పడకుండా ఎంత దగ్గరగా పెడితే అంత పని చేస్తుంది.

ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల కర్టెన్ గానీ పంచె గానీ అడ్డం కట్టండి. బెంగళూరులో ఇంకో చిక్కుంది. పక్క బిల్డింగ్ చేతికందేంత దగ్గరగా ఉంటుంది కదా, దాని గోడ మీద ఎండ పడితే ఆ పెయింట్ రంగే ముఖం మీదికి వస్తుంది. మా ఎదురు గోడ పసుపుది, అందుకే దాని మీదికి ఎండ రాకముందే తీసేశాం.

సామాను సంగతికొస్తే, దాన్ని కదపడం కన్నా మీరు దానికి దూరం జరగడం మేలు. కిటికీ నుంచి దూరమయ్యేకొద్దీ వెలుగు త్వరగా తగ్గిపోతుంది. మీకూ వెనక గోడకీ మధ్య కనీసం ఐదారడుగులుంటే గోడ దానంతటదే చీకట్లోకి వెళ్తుంది, ముఖం ఒక్కటే నిలుస్తుంది. తెల్లటి బకెట్, మెరిసే స్టీలు గిన్నె లాంటివి మాత్రం తీసేయండి, అవి చీకట్లోనూ కనబడతాయి. గోడకి ఆనుకుని కూర్చుంటే ఈ లాభం ఉండదు.

ఫోటో మీ రూమ్మేట్ చేత తీయించండి, సెల్ఫీ వద్దు. మరీ దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా వస్తుంది. ఐదారడుగుల దూరంలో నిలబడి 2x పెట్టమనండి. స్క్రీన్ మీద మీ ముఖాన్ని నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. అప్పుడు పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగాలి. ఎంతవరకంటే, కిటికీ వైపు చెంప మీద చర్మం తెల్లగా వెలిసిపోకుండా కనబడేంతవరకు.

పోర్ట్రెయిట్ మోడ్‌లో ఒకటి, మామూలుగా ఒకటి తీయించి, జుట్టు అంచులూ చెవి జూకాలూ పెద్దది చేసి చూడండి. అక్కడ మసకబారితే మామూలు ఫోటోనే అమ్మగారికి పంపండి.