యూజర్‌నేమ్‌లో పుట్టిన సంవత్సరం

"నా యూజర్‌నేమ్ sravani1998vzg. పాస్‌వర్డ్ గట్టిదే కదా, పేరు చూసి ఎవరేం చేస్తారు?"

చిక్కంతా ఆ 1998తోనే. ఇ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు (పెద్దవి), పక్కన పుట్టిన సంవత్సరం. ఆధార్‌లో మీ పేరు ఇలాగే మొదలైతే `SRAV1998`. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసి వదిలేసిన ఫైల్ దీంతోనే తెరుచుకుంటుంది.

1. సంవత్సరం, ఊరు తీసేయండి. వాటి బదులు కాలేజీ పేరో ఫోన్ చివరి అంకెలో తగిలించకండి, అదీ అంతే. `vankaya_godugu` లాంటి పొంతన లేని జంట చాలు (నవ్వొచ్చినా పర్వాలేదు).

2. చాలామంది వదిలేసేది ఇదే: పాత పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. ఎప్పుడో మరిచిపోయిన ఖాతాలు బయటపడతాయి. అక్కడా మార్చండి, లేదా ఖాతానే తీసేయండి.

3. బయోలో పుట్టినరోజు ఉంటే అదీ తీసేయండి.