మగ్గం వర్క్ జాకెట్టును ఇంట్లో ఉతికే పద్ధతి

ప్రశ్న: పట్టు జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించుకున్నాను. చంకల దగ్గర చెమట మరకలు పడ్డాయి. దారాలు ఊడకుండా, చమ్కీలు, జరదోసీ మెరుపు పోకుండా ఇంట్లో ఉతుక్కోవచ్చా?

జవాబు: మరక పడిన చోటును మాత్రమే శుభ్రం చేసుకోవచ్చు, జాకెట్టు మొత్తాన్ని నానబెట్టవద్దు. నేను మగ్గం పని చేస్తాను. బాగుచేయమని నా దగ్గరకు వచ్చే జాకెట్లలో ఎక్కువ భాగం బకెట్టులో నానినవో, వాషింగ్ మెషీన్‌లో తిరిగినవో.

ఆరీ సూదితో వేసే గొలుసు కుట్టు ఒకే దారంతో సాగుతుంది కాబట్టి, చివరి ముడి వదులైతే ఆ కొసను లాగిన కొద్దీ వరసంతా విప్పుకొని, దానికి ఎక్కించిన పూసలు, చమ్కీలు రాలిపోతాయి. అందువల్ల నీళ్లు తగలకముందే వెలుతురులో వర్క్ అంతా వేలికొనతో మెల్లగా తడిమి చూడండి. దారపు కొస పైకి లేచి ఉంటే కత్తిరించకండి. సన్నని సూదితో దాన్ని గుడ్డ లోపలి వైపుకు లాగి ముడి వేయండి.

తరువాత రంగు పరీక్ష తప్పనిసరి. తెల్లని నూలుగుడ్డను తడిపి, కనిపించని కుట్టు అంచు మీద కాసేపు అదిమి ఉంచండి. గుడ్డకు రంగు అంటితే ఇంట్లో ప్రయత్నించవద్దు. మెరూన్, ముదురు ఎరుపు పట్టులతో ఈ ఇబ్బంది తరచుగా వస్తుంది.

రంగు దిగకపోతే జాకెట్టును తిరగేసి, చంక కింద, లైనింగ్‌కూ పట్టుకూ మధ్య వీలైతే, లేకపోతే పట్టు వైపున, మడతపెట్టిన పొడి తువ్వాలు ఉంచండి. గ్లాసు చల్లని నీళ్లలో పట్టుబట్టలకు వాడే లిక్విడ్ నాలుగైదు చుక్కలు కలిపి, అందులో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో లైనింగ్ మీద అద్దండి, రుద్దవద్దు. ఆపైన మంచినీళ్ల గుడ్డతో సబ్బు పోయేవరకు అద్దండి. పట్టు మీద తడి ఆగిన గీత దగ్గరే కొత్త మరక ఏర్పడుతుంది కాబట్టి, తడి అంచును బయటి వైపుకు పలుచగా పరుస్తూ పొడి గుడ్డతో అద్దుకుంటూ రావాలి.

జరదోసీకి తడి తగలనివ్వకండి. అది స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ; మనం ఎక్కువగా వాడే రకాల్లో లోపల రాగి ఉండి పైన పలుచని పూత ఉంటుంది. చెమట, సెంటు, తేమ ఆ పూతను దాటితే తీగ నల్లబడుతుంది, ఆ నలుపును ఉతుకుతో పోగొట్టలేము. అందుకే సెంటు కొట్టుకొని ఆరాకే జాకెట్టు తొడుక్కోమని నేను అందరికీ చెబుతుంటాను.

నీడలో, బల్ల మీద పరిచి ఆరబెట్టండి. హ్యాంగర్‌కు తగిలిస్తే పూసల బరువుకు తడిసిన గుడ్డ సాగుతుంది. ఇస్త్రీని లోపలి వైపు నుంచి, కింద మందపాటి తువ్వాలు వేసి, వర్క్ లేని చోట మాత్రమే చేయండి, ఎందుకంటే ప్లాస్టిక్ చమ్కీలు వేడికి ముడుచుకుపోతాయి.

డ్రై క్లీనింగ్‌కు ఇస్తే గమ్ముతో అంటించిన కుందన్ రాళ్లు, ప్లాస్టిక్ ముత్యాలు ఉన్నాయని ముందే చెప్పండి. అక్కడ వాడే కొన్ని ద్రావకాలు గమ్మును మెత్తబరుస్తాయి, ముత్యాల పైపూతను కూడా ఊడదీస్తాయి. వర్క్‌తో పాటు ఇచ్చిన విడి పూస మీ దగ్గర ఉంటే, ముందుగా దాని మీద పరీక్షించమని అడగండి.