Café మీద గీత ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న: మా తమ్ముడు రాయగడలో చిన్న కాఫీ షాపు పెడుతున్నాడు. బోర్డు మీద Cafe అని రాయించాలా, చివరి అక్షరం మీద గీతతో Café అనా? నా ఉద్యోగం దరఖాస్తుకి కూడా Resume, Résumé రెండిట్లో ఏది కరెక్టో తేలడం లేదు. ఫ్రెంచ్ మాటలు కదా, గీత లేకపోతే తప్పా?

జవాబు:

తప్పేం కాదు. ఇంగ్లీషులో ఈ రెండు మాటలూ గీతతోనూ రాస్తారు, గీత లేకుండానూ రాస్తారు, డిక్షనరీల్లో రెండూ కనిపిస్తాయి. నాకు బరంపురంలో డీటీపీ, ఫ్లెక్స్ షాపు ఉంది, పద్దెనిమిదేళ్ళుగా తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడూ కొడుతున్నాను. నేను చూసినంతలో గీత పెట్టకపోవడం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు గానీ, తప్పుగా పెట్టడం వల్లా, పెట్టకూడని చోట పెట్టడం వల్లా మాత్రం జరిగింది.

ముందు ఆ గీత ఎందుకుందో చెప్తాను. ఇంగ్లీషులో మాట చివర e వస్తే సాధారణంగా పలకరు. safeని సేఫ్ అన్నట్టే మనవాళ్ళు cafeని కేఫ్ అని చదువుకున్నారు, ఇరానీ కేఫ్ అనడం అందరికీ అలవాటే. ఆ చివరి eని మింగేయకు, ఏ అని పలుకు అని చెప్పడానికే é. మనకి ఎత్వానికీ ఏత్వానికీ తేడా చూపించే గుర్తు ఉన్నట్టన్నమాట. (ఒడియాలో ఆ తేడాయే లేదు, ఏ ఒక్కటే ఉంది, అందుకే మా షాపులో కుర్రాడు నా తెలుగులో ఏత్వాలన్నీ ఎగరగొట్టేస్తుంటాడు, అది వేరే బాధ.) కాబట్టి గీతకి పని ఉంది, అలంకారం కాదు. కానీ cafe అన్న మాట ఇప్పుడు అందరికీ ఎంత తెలిసిపోయిందంటే, గీత లేకపోయినా ఎవరూ తడబడరు.

resume సంగతి కాస్త వేరు. ఆగిన పని మళ్ళీ మొదలుపెట్టడం అనే అర్థంలో resume అని ఇంకో మాట ఉంది, అది రిజ్యూమ్. ఈ రెండూ కలిసిపోకుండా ఉండాలని కొందరు గీతలు పెడతారు. పెడితే మాత్రం రెండు e ల మీదా పెట్టాలి, ఫ్రెంచ్‌లో అలాగే ఉంటుంది: résumé. చివర ఒక్కదాని మీదే పెట్టి resumé అని రాసేవాళ్ళూ ఉన్నారు, డిక్షనరీల్లో అదీ దొరుకుతుంది, నాకైతే సగం గీసి వదిలేసినట్టు ఉంటుంది. ఇంకో తమాషా, ఫ్రెంచ్‌వాళ్ళు ఉద్యోగానికి ఇచ్చే కాగితాన్ని résumé అనరు, సీవీ అనే అంటారు. résumé అంటే వాళ్ళకి సారాంశం.

మీకు అనుమానం రావడానికి వర్డ్ కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. అందులో cafe అని కొడితే ఆటోకరెక్ట్ దానంతట అదే café చేసేస్తుంది, resumeని మాత్రం ముట్టుకోదు, ఎందుకంటే మీరు రిజ్యూమ్ అని రాశారో ఏమో దానికి తెలీదు. అలా ఒకే పేజీలో ఒకటి గీతతో, ఒకటి గీత లేకుండా వస్తాయి.

ఇప్పుడు అసలు కథ. మూడేళ్ళ క్రితం గోపాల్‌పూర్ రోడ్డులో ఒకాయన కేఫ్ పెట్టాడు. మనవాడే, నేను బావగారూ అంటాను. బీచ్‌కి వచ్చేవాళ్ళు దిగాలని బోర్డు స్టైల్‌గా ఉండాలన్నాడు, అక్రిలిక్ అక్షరాలు, లోపల ఎల్ఈడీ. నేను డిజైన్ పెట్టే లోపు వాళ్ళబ్బాయి ఫోన్‌లో టైప్ చేసి పంపాడు: CAFÈ. చూడండి, గీత ఎడమ పైనుంచి కుడి కిందకి జారుతోంది. ఫ్రెంచ్‌లో ఈ మాటకి పెట్టే గీత అది కాదు. ఇటాలియన్‌లో అలా జారే గీత ఉంటుంది గానీ అక్కడ f రెండు ఉంటాయి, caffè. కాబట్టి CAFÈ అటు ఫ్రెంచూ కాదు, ఇటు ఇటాలియనూ కాదు. ఫోన్‌లో e మీద వేలు నొక్కి పట్టుకుంటే నాలుగైదు రకాలు పక్కపక్కనే వస్తాయి, తొందరలో తప్పుది తగిలింది. ఆయనకి ఎలా గుర్తుపట్టాలో చెప్పాను: మన తలకట్టు చూడండి, దాని పొడుగు గీత కుడివైపు పైకి లేస్తుంది కదా, కావాల్సిన గీత అటే లేవాలి. ఆయన వెంటనే, "ఏటి బాబూ, ఇంగ్లీషుకి కూడా తలకట్టేటి!" అన్నాడు. ఇప్పటికీ నా షాపులో దాన్ని తలకట్టనే అంటాం.

ఇంకో రకం తప్పు CAFE' అని పక్కన కొటేషన్ గుర్తు తగిలించడం. అది మా ఆపరేటర్ల పని, కీబోర్డులో é దొరక్క చేసేది. విండోస్‌లో నంబర్ల కీప్యాడ్ మీద Alt పట్టుకుని 0233 కొడితే é వస్తుంది, 0201 కొడితే É. కీప్యాడ్ లేని లాప్‌టాప్‌లో అయితే వర్డ్‌లో Ctrl, ' కలిపి నొక్కి వదిలేసి, తర్వాత e కొట్టాలి. 1 పక్కనున్న ` నొక్కితే మళ్ళీ ఆ జారే గీతే వస్తుంది, జాగ్రత్త. మన తెలుగు ఫాంట్ అను పెట్టి ఉన్న లైన్‌లో మాత్రం ఇవేవీ పనిచేయవు, ఆ పాత ఫాంట్లలో é ఉండాల్సిన చోట మన అక్షరం ముక్క ఏదో కూర్చుని ఉంటుంది. ముందు ఆ మాటకి ఇంగ్లీషు ఫాంట్ మార్చి అప్పుడు కొట్టాలి.

సరే, బోర్డు కరెక్ట్‌గానే CAFÉ అని కట్ చేయించాం. అక్షరం ఎత్తు 12 అంగుళాలు. గీతకి పైన ఇంకో మూడు అంగుళాల పైచిలుకు జాగా కావాలి, ఆ లెక్క ముందు చూసుకోకపోతే పైన ఉన్న లైన్‌కి తగులుతుంది, లేదా అక్షరాలన్నీ చిన్నవి చేయాల్సి వస్తుంది. ఇంకో చిక్కు, ఆ గీత విడి ముక్క. మిగతా అక్షరాల వెనక స్క్రూలకి జాగా ఉంటుంది, ఈ చిన్నదాన్ని సిలికాన్‌తో అంటించారు. సముద్రం గాలికి రెండో వానాకాలంలో ఊడి కిందపడింది. బావగారు ఫోన్ చేసి "బాబూ, తలకట్టు రాలిపోయింది" అన్నాడు. ఇప్పుడు బోర్డు CAFE, లోపల మెనూ Café. ఒక్క కస్టమర్ కూడా అడగలేదు.

కానీ నిజంగా తలనొప్పి తెచ్చింది బిల్లు. మొదటిరోజే వాట్సాప్‌లో బిల్లు ఫొటో పంపాడు. పైన పేరులో Caf తర్వాత ఒక చైనా అక్షరం: Caf茅. ఎవరైనా సిస్టం హ్యాక్ చేశారేమోనని ఆయనకి టెన్షన్. హ్యాకూ లేదు, ఏమీ లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అక్షరాల్ని UTF-8 అనే పద్ధతిలో అంకెలుగా మార్చి పంపుతుంది, అందులో మామూలు c, a, f ఒక్కో బైటు, é మాత్రం రెండు బైట్లు, C3 A9. తక్కువ ధరలో వచ్చే థర్మల్ ప్రింటర్లు చాలావరకు చైనా మోడ్‌లోనే వస్తాయి, ఆ మోడ్‌లో అలాంటి రెండు బైట్ల జత అంటే ఒక చైనా అక్షరం. ప్రింటర్ దానికి తెలిసిన పని అది చేసింది. చైనా మోడ్ తీసేశాక ఈసారి Caf├⌐ అని వచ్చింది, అంటే ఇప్పుడు పాత ఐబీఎం పట్టిక 437 ప్రకారం ఒక్కో బైటునీ విడివిడిగా అచ్చు వేస్తోంది. ఆ పట్టికలో é ఒకే బైటు, 82. కాబట్టి ప్రింటర్‌కి వెళ్ళాల్సింది ఇది, మొదటి లైన్ చైనా మోడ్ ఆపడానికి, రెండోది 437 పట్టిక ఎంచడానికి, మూడోది పేరు:

```
1C 2E
1B 74 00
43 61 66 82
```

సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో కోడ్ పేజ్, అంటే ఈ పట్టికే, మార్చే ఆప్షన్ ఉంటే ఇదంతా అదే చేసుకుంటుంది. ఆయన సాఫ్ట్‌వేర్‌లో లేదు. సర్వీస్ కుర్రాడు రావడానికి వారం పడుతుందన్నాడు. నేను బిల్లు హెడర్‌లో గీత తీసేసి Cafe అని పెట్టించాను, రెండు నిమిషాల పని.

వెబ్‌సైట్ పేరుకి కూడా అంతే. café అని గీతతో డొమైన్ తీసుకుంటే లోపల అది xn--caf-dma అని మారుతుంది, కొన్ని చోట్ల అలాగే కనిపిస్తుంది కూడా, చూసినవాడు దొంగ లింకు అనుకుంటాడు. కస్టమర్ చేత్తో టైప్ చేసేటప్పుడు గీత ఎలాగూ పెట్టడు.

మీ రెజ్యూమే విషయంలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, ఫైల్ పేరులో గీత వద్దు. పర్లాకిమిడి నుంచి ఒకబ్బాయి నా దగ్గర బయోడేటా చేయించుకుని Résumé.pdf అని సేవ్ చేసి ఒక సైట్‌లో పెట్టాడు. అక్కడ అది RÃ©sumÃ©.pdf అయి కూర్చుంది. బిల్లులో జరిగిందే ఇక్కడా జరిగింది, ఆ రెండు బైట్లనే ఈసారి విండోస్ పట్టిక ప్రకారం చదివారు. ఎక్కడైనా Ã© కనిపిస్తే అది é పాడైపోయిన రూపమని గుర్తుపెట్టుకోండి. Resume అనో CV అనో పెట్టి, పక్కన అండర్‌స్కోర్‌తో మీ పేరు పెట్టేయండి.

లోపల కాగితం మీద హెడ్డింగ్‌గా ఆ మాట అసలు అక్కర్లేదు, పైన పెద్దగా మీ పేరుంటే చాలు. కవరింగ్ లెటర్‌లో రాయాల్సి వస్తే resume అని రాయండి, "please find attached my resume" అని చదివి మళ్ళీ మొదలుపెట్టడం అనుకునేవాడు ఎవడూ ఉండడు. résumé అనే రాస్తానంటే రాయండి, రెండు గీతలూ ఉండాలి, లెటర్ మొత్తం అలాగే ఉండాలి.

మీ తమ్ముడి బోర్డుకి వస్తే, ఫ్లెక్స్ అయితే É పెట్టించుకోండి, ఖర్చేమీ పెరగదు, చూడ్డానికి బాగుంటుంది. విడి అక్షరాల బోర్డయితే గీతని E తో కలిపి ఒకే ముక్కగా కట్ చేయమనండి, మధ్యలో సన్నటి ఆసరా వదిలితే సరిపోతుంది. ఆర్డర్ ఇచ్చేముందు ప్రూఫ్ ఫొటో అడిగి గీత ఎటు లేచిందో చూడండి. బిల్లు ప్రింటర్ కొనేటప్పుడు షాపులోనే é ఉన్న ఒక బిల్లు కొట్టించి చూడమనండి. చైనా అక్షరం వస్తే బిల్లుకి మాత్రం గీత లేకుండా Cafe అని పెట్టుకోమనండి.